ముక్కు దిబ్బడ, ముఖంలో బరువు, తలనొప్పి: స్ప్రే వాడాలా, మాత్ర వేసుకోవాలా, ఆపరేషన్‌కు వెళ్లాలా?

ఒక రంధ్రం ఎప్పుడూ మూసుకుపోయినట్టే ఉంటుంది. కనుబొమ్మల మధ్య బరువుగా ఉంటుంది, బుగ్గల వెనక ఎవరో నొక్కుతున్నట్టు అనిపిస్తుంది. వారంలో సగం రోజులు తలనొప్పి. ఇలాంటివారికి కొన్నాళ్లకు రెండు కాగితాలు చేతికొస్తాయి. ఒకటి అలర్జీ మందుల చీటీ, రెండోది ‘ముక్కు దూలం వంకరగా ఉంది’ అని రాసిన సీటీ స్కాన్ నివేదిక. దూలం అంటే రెండు రంధ్రాలను వేరుచేసే మధ్య గోడ. ఒకరు స్ప్రే చాలంటారు, మరొకరు ఆపరేషన్ చేయించుకుంటే తలనొప్పి కూడా పోతుందంటారు. ఎవరి మాట వినాలో తెలియక తిరిగేవారి కోసం ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడ ఎంచుకోవలసింది ఒక్కటి కాదు, రెండు. ఊపిరి ఆడడానికి ఏం చేయాలన్నది ఒక నిర్ణయం, తలనొప్పికి ఏం చేయాలన్నది ఇంకో నిర్ణయం. రెండింటినీ కలిపి చూసి, ముక్కు బాగుపడితే నొప్పి దానంతటదే పోతుందని అనుకున్నప్పుడే ఎక్కువమంది నిరాశపడతారు.

ముందు గమనించవలసిన నాలుగు విషయాలు

మొదటిది, ఏ వైపు. ఆరోగ్యంగా ఉన్న ముక్కులో కూడా రెండు రంధ్రాలు ఎప్పుడూ సమానంగా తెరుచుకుని ఉండవు. లోపలి పొర ఒకవైపు ఉబ్బితే రెండోవైపు తగ్గుతుంది, కొన్ని గంటల తర్వాత తారుమారవుతుంది. కాబట్టి దిబ్బడ ఉదయం కుడివైపు, మధ్యాహ్నం ఎడమవైపు ఉంటుంటే అది ఎముక పని కాదు, పొర వాపు. నెలలు గడిచినా ఒకే వైపు కదలకుండా ఉంటే దూలాన్ని అనుమానించాలి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు కింది వైపు రంధ్రం మూసుకుపోవడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

రెండోది దురద. వరుస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, ముక్కులో, అంగిట్లో, కళ్లలో దురద ఉంటే అలర్జీ ఉన్నట్టే అనుకోవచ్చు. వంకర తిరిగిన దూలం తుమ్ములు తెప్పించదు, కళ్లకు దురద పుట్టించదు.

మూడోది, పొరను ముడిచే మందు వేస్తే ఏమవుతుంది? ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటి చుక్కలు పది పదిహేను నిమిషాల్లో ఉబ్బిన పొరను కుదిస్తాయి. చాలామంది ముక్కు వైద్యులు తమ గదిలోనే ఈ పరీక్ష చేస్తారు. చుక్కలు వేశాక రెండు వైపులా బాగా తెరుచుకుంటే సమస్య ప్రధానంగా పొరది. ఒకవైపు తెరుచుకుని మరోవైపు అలాగే మూసుకుని ఉంటే అక్కడ అడ్డుగా ఉన్నది ఎముకో మృదులాస్థో అయివుంటుంది. స్కాన్‌కు వెళ్లే ముందు ఈ చిన్న పరీక్ష చేయించుకోవడం మేలని నేనంటాను. అధిక రక్తపోటు, గుండె జబ్బు, నీటికాసులు ఉన్నవారు మాత్రం దీన్ని ఇంట్లో సొంతంగా చేసుకోకూడదు.

నాలుగోది తలనొప్పి స్వభావం. దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు చూడలేకపోతున్నారా? కడుపులో తిప్పుతోందా? ఆ రోజు పని మానుకోవలసి వస్తోందా? ఈ మూడింటిలో రెండింటికి అవునని జవాబిస్తే, ముక్కు ఎలా ఉన్నా సరే, మైగ్రేన్‌ను గట్టిగా అనుమానించాలి.

| గమనించేది | అలర్జీ వాపు | దూలం వంకర | మైగ్రేన్ |
|---|---|---|---|
| దిబ్బడ ఉండే వైపు | రెండు వైపులా, మారుతూ | ఎప్పుడూ ఒకే వైపు ఎక్కువ | నొప్పి వచ్చినప్పుడే, ఆ వైపున ఎక్కువ కావచ్చు |
| తుమ్ములు, దురద | ఉంటాయి | ఉండవు | ఉండవు |
| కంటి నుంచి నీరు | దురదతో, రెండు కళ్లలో | ఉండదు | దురద లేకుండా, నొప్పి ఉన్నప్పుడే |
| పొరను ముడిచే చుక్కలు | బాగా తెరుచుకుంటుంది | ఆ వైపు పెద్దగా మారదు | దిబ్బడ తగ్గినా నొప్పి ఉంటుంది |
| నొప్పి తీరు | మందమైన బరువు, ముక్కుతో పాటే పెరిగి తగ్గుతుంది | తరచుగా నొప్పే ఉండదు | గంటల నుంచి మూడు రోజుల వరకు, తరచుగా దడదడలాడుతూ, వికారంతో |

ఒకే మనిషిలో ఈ మూడు నిలువు వరుసలూ కలిసి ఉండవచ్చు. నిజానికి చిక్కంతా అక్కడే.

ఏ కారణం ఎలా నొప్పి పుట్టిస్తుంది

అలర్జీలో ముక్కు లోపలి పొర ఉబ్బుతుంది. ముఖ్యంగా పక్క గోడల నుంచి లోపలికి పొడుచుకొచ్చిన టర్బినేట్లు అనే మెత్తని మడతలు లావెక్కుతాయి. దాంతో ముక్కులో, కళ్ల మధ్య బిగువు, బరువు తెలుస్తాయి. రాత్రి నోటితో ఊపిరి తీసుకుని, నిద్ర సరిగా పట్టక, పొద్దున్నే తల బరువుగా లేవడం కూడా ఇందులో భాగమే. ఈ బరువు చాలామందిలో నిజంగానే ముక్కుతో పాటు తగ్గుతుంది. అయితే అలర్జీ ఒక్కటే మంచం పట్టించేంత తలనొప్పి తేవడం అరుదు.

దూలం సంగతి వేరు. పెద్దవాళ్లలో పూర్తిగా నిటారుగా ఉన్న దూలం కనిపించడమే తక్కువ. స్కాన్ తీస్తే ఎక్కువమందిలో కొంత వంకర కనబడుతుంది, వాళ్లలో అత్యధికులకు ఏ ఇబ్బందీ ఉండదు. అందుకే నివేదికలో ‘వంకర’ అన్న మాట కనబడినంత మాత్రాన నొప్పికి కారణం దొరికిందని అనుకోలేం. దూలం మీద మొనలా పెరిగిన ఎముక ఎదుటి టర్బినేట్‌కు గుచ్చుకుంటే నొప్పి వస్తుందన్న వాదన ఒకటి ఉంది. అది కొందరిలో నిజం కావచ్చు. కానీ అలా ముక్కులో రెండు భాగాలు తాకుతూ ఉండి కూడా ఏ నొప్పీ లేనివారు చాలామంది ఉన్నారు. అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ కూడా దీన్ని ప్రధాన జాబితాలో కాక, ఇంకా నిర్ధారణ కావలసిన వాటి అనుబంధంలో ఉంచింది. ఈ కారణంతో ఆపరేషన్ చేస్తామన్నప్పుడు, నొప్పి ఉన్న సమయంలో ఆ తాకే చోట మత్తు మందు పెట్టి నొప్పి పోతుందో లేదో చూశారా అని అడగడం న్యాయమైన ప్రశ్న. నొప్పి పోతే ఆధారం కొంత బలపడుతుంది, అప్పటికీ హామీ లేదు. పోకపోతే ఆ మొనను తీసేసి లాభం తక్కువ.

ఇక మైగ్రేన్. ముఖానికి స్పర్శనిచ్చే నాడే మైగ్రేన్ నొప్పిని కూడా మోస్తుంది. అది రేగినప్పుడు ముక్కు రక్తనాళాలు ఉబ్బుతాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది, కళ్లలో నీరు తిరుగుతుంది, బుగ్గల్లో బరువు తెలుస్తుంది. చూసేవాళ్లకు అచ్చం ‘సైనస్’ లాగే ఉంటుంది. 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పి అని తామే అనుకున్న లేదా వైద్యులు చెప్పిన 2,991 మందిని పరిశీలించారు. అంతకుముందు వాళ్లకు మైగ్రేన్ అని ఎవరూ చెప్పలేదు. వాళ్లలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహావే. వాతావరణం మారినప్పుడు నొప్పి వస్తుంది కాబట్టి సైనసే అన్న వాదన కూడా నిలవదు, ఎందుకంటే వాతావరణ మార్పు మైగ్రేన్‌నూ రేపుతుంది.

అసలైన సైనసైటిస్ ఎలా ఉంటుందో కూడా ఒక మాట. చిక్కటి పచ్చటి చీమిడి, దిబ్బడ, వాసన తగ్గడం, ముఖంలో నొప్పి పది రోజులు దాటినా తగ్గకపోతే, లేదా జలుబు తగ్గుముఖం పట్టి మళ్లీ ఒక్కసారిగా ఎక్కువైతే బ్యాక్టీరియాను అనుమానిస్తారు. 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. దాన్ని ఎండోస్కోపీతోనో స్కాన్‌తోనో నిర్ధారించాలి. దిబ్బడ, చీమిడి, వాసన తగ్గడం ఏవీ లేకుండా ఒట్టి ముఖం నొప్పి మాత్రమే ఉంటే అది సైనసైటిస్ అయ్యే అవకాశం బాగా తక్కువ. ఇక్కడే ఎంతోమంది అనవసరంగా మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్‌లు మింగుతారు.

ఉన్న మార్గాలు, ఒక్కొక్కటిగా

*ఉప్పునీటితో కడగడం.* ప్రమాదం తక్కువ, ఎవరైనా మొదలుపెట్టవచ్చు. దుమ్ము, పుప్పొడి, చిక్కటి చీమిడి కడిగి పోతాయి, తర్వాత వేసే స్ప్రే నేరుగా పొరకు తగులుతుంది. ఒక నిమిషం పాటు బాగా మరిగించి చల్లార్చిన నీళ్లు సుమారు 240 మిల్లీలీటర్లు తీసుకుని, అర టీచెంచాకు మించకుండా అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. నేగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీసిన సంఘటనలు ఉన్నాయి. అరుదే, కానీ మరిగించడంతో తప్పిపోయే ప్రమాదాన్ని తలకెత్తుకోవడం ఎందుకు? ఈ కడుగుడు ఒక్కదానితో తలనొప్పి పోతుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు. దాని పని దారి శుభ్రం చేయడం.

*స్టెరాయిడ్ స్ప్రే.* అలర్జీ దిబ్బడకు ఉన్నవాటిలో ఇదే గట్టి మందు. ఫ్లుటికాసోన్, మొమెటాసోన్, బుడెసొనైడ్ ఇందులోకి వస్తాయి. ‘వేశాను, పని చేయలేదు’ అనే మాట ఎక్కువగా వినబడేదీ దీని గురించే. అందుకు సాధారణంగా రెండు కారణాలు. దిబ్బడ వేసిన రోజు మాత్రమే వాడి వదిలేయడం ఒకటి. ఇది చుక్కల మందులా నిమిషాల్లో పని చేయదు. రోజూ వాడితే కొన్ని రోజుల్లో తేడా మొదలై, పూర్తి ఫలితానికి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండో కారణం కొట్టే తీరు. తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్య గోడ వైపు గురిపెట్టి, గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది, గోడకు పుండు పడి రక్తం వస్తుంది.

సరైన తీరు ఇది. తల కాస్త ముందుకు వంచాలి. కుడి రంధ్రానికి ఎడమ చేతితో, ఎడమ రంధ్రానికి కుడి చేతితో పట్టుకోవాలి. అప్పుడు మొన దానంతటదే మధ్య గోడకు దూరంగా, అదే వైపు చెవి దిశగా తిరుగుతుంది. నొక్కి, పువ్వు వాసన చూసినంత మెల్లగా ఊపిరి పీల్చాలి. పెద్దవాళ్లకు ఫ్లుటికాసోన్, మొమెటాసోన్ స్ప్రేలు సాధారణంగా ఒక్కో రంధ్రంలో రెండేసి సార్లు, రోజుకు ఒకసారి మొదలుపెట్టి, అదుపులోకి వచ్చాక ఒక్కొక్కటికి తగ్గిస్తారు. ‘స్టెరాయిడ్’ అన్న మాటకు భయపడేవారు ఒకటి తెలుసుకోవాలి. ఈ స్ప్రేల నుంచి రక్తంలో కలిసేది చాలా తక్కువ. ముక్కు ఎండిపోవడం, కొద్దిగా రక్తం రావడం ఎక్కువగా కనిపించే ఇబ్బందులు. పిల్లలు ఏళ్ల తరబడి వాడవలసి వస్తే వాళ్ల ఎత్తు గమనిస్తూ ఉండాలి. నీటికాసులు, కంటి శుక్లాలు ఉన్నవారు, గర్భిణులు వైద్యుడితో చెప్పి వాడాలి.

*అలర్జీ మాత్రలు.* సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ తుమ్ములకూ దురదకూ నీళ్లు కారడానికీ బాగా పనిచేస్తాయి. దిబ్బడ మీద వీటి పట్టు తక్కువ. మీ ప్రధాన బాధ ముఖంలో బరువు, దిబ్బడ అయితే మాత్రతో సరిపెట్టుకోవడం సరైన ఎంపిక కాదు. తుమ్ములే ప్రధానమైతే, అదీ ఏడాదిలో కొన్ని వారాలే అయితే, మాత్రే సులువు. స్ప్రే ఒక్కటే చాలనప్పుడు అదనంగా మాత్ర కలపడం కంటే అజెలాస్టిన్ అనే మందు కలిసిన స్ప్రేకు మారడం దిబ్బడకు ఎక్కువ ఉపయోగపడుతుంది. నోట్లో చేదు తగులుతుంది, అంతే. మాంటెలుకాస్ట్‌ను తేలిగ్గా మొదలుపెట్టవద్దని నా సలహా. నిద్ర, మనసు మీద ప్రభావాల కారణంగా 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దానికి అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. మిగతావి పని చేయనప్పుడే దాని వంతు.

*దిబ్బడ విప్పే చుక్కలు.* నిమిషాల్లో ముక్కు విప్పుతాయి, కాబట్టి వదలబుద్ధి కాదు. ప్రమాదమూ అక్కడే. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మందు దిగిపోగానే పొర మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ ఉబ్బుతుంది. నెలల తరబడి సీసా జేబులో పెట్టుకుని తిరిగేవారు తమకు దూలం వంకర ఉందని నమ్ముతూ ఉంటారు, అసలు జబ్బు ఆ సీసాలోనే ఉంటుంది. ఈ స్థితిలో దూలం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ఒక రంధ్రంలో మానేసి, అది తేరుకున్నాక రెండోదాంట్లో మానేయడం ఒక మార్గం. మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

*అలర్జీకి ఇమ్యునోథెరపీ.* చర్మ పరీక్షలోనో రక్త పరీక్షలోనో ఫలానా దానికి, అంటే దుమ్ము పురుగుకో పుప్పొడికో, అలర్జీ అని తేలి, మందులతో అదుపు కానివారికి ఇది. ఆ పదార్థాన్నే ఇంజెక్షన్‌గానో నాలుక కిందనో కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేస్తారు. సుమారు మూడేళ్లు పడుతుంది. మొదటి మోతాదులు తీవ్రమైన ప్రతిచర్యను ఎదుర్కోగల చోటే వేయించుకోవాలి. జబ్బు మూలానికి దగ్గరగా వెళ్లేది ఇదొక్కటే, కానీ మూడేళ్లు మానకుండా కొనసాగించగలనా అని ముందు మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవాలి.

*సెప్టోప్లాస్టీ, అంటే దూలం సరిచేసే ఆపరేషన్.* లోపలి నుంచే చేస్తారు, ముఖం మీద కోత ఉండదు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. ఊపిరి విషయంలో దీనికి మంచి ఆధారం ఉంది. బ్రిటన్‌లో 378 మంది పెద్దవాళ్లతో జరిగి 2023లో ప్రచురితమైన పరిశోధనలో, స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి స్ప్రే వాడినవారికంటే ఆపరేషన్ చేయించుకున్నవారి ముక్కు లక్షణాలు ఆరు నెలల నాటికి స్పష్టంగా మెరుగయ్యాయి. అక్కడ ప్రధానంగా కొలిచింది ముక్కు బాధను. తలనొప్పి పోతుందా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

రక్తస్రావం, ఇన్ఫెక్షన్, పై ముందు పళ్ల దగ్గర కొన్నాళ్లు తిమ్మిరి, దూలంలో రంధ్రం పడడం, దిబ్బడ మిగిలిపోవడం దీని ప్రమాదాలు. వంకర సరిచేసినా అలర్జీ అలాగే ఉంటుంది కాబట్టి, స్ప్రే మానేయవచ్చన్న ఆశతో ఆపరేషన్‌కు వెళ్లేవారికి కొన్ని నెలల్లో మళ్లీ దిబ్బడ వేస్తుంది. టర్బినేట్లను కూడా తగ్గిస్తామంటే ఎంత మేరకు అని అడగాలి. మితిమీరి తొలగిస్తే, దారి విశాలంగా ఉన్నా గాలి ఆడనట్టు అనిపించే బాధ మిగలవచ్చు.

*మైగ్రేన్ చికిత్స.* ముక్కు గురించిన పోలికలో ఇదెందుకని అనిపించవచ్చు. పైన నాలుగో విషయంలో అడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి అవునన్నవారికి తలనొప్పి విషయంలో అన్నింటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే కావచ్చు. ట్రిప్టాన్ అనే జాతి మందు నొప్పి మొదట్లోనే వేసుకుంటే బాగా పనిచేస్తుంది. గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారు దాన్ని వాడకూడదు, కాబట్టి వైద్యుడి చేతి మీదుగానే వెళ్లాలి. నొప్పి తరచుగా వస్తుంటే రోజువారీ నివారణ మందులు ఉన్నాయి. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్‌లు లేదా రకరకాల మందులు కలిసిన మాత్రలు నెలకు 10 రోజులు, మూడు నెలలకు పైగా వాడితే ఆ మందుల వల్లే రోజూ తలనొప్పి రావచ్చు. ‘సైనస్’ మాత్రలు ఏళ్లుగా మింగేవారిలో ఇది కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరి వరకు

34 ఏళ్ల మహిళ అనుకుందాం. పొద్దున లేవగానే ఏడెనిమిది తుమ్ములు, ముక్కులో దురద. ఎడమ రంధ్రం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, కుడిది ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు. వారంలో నాలుగు రోజులు నుదుటి మీద బరువు. నెలకు రెండు మూడుసార్లు మాత్రం కంటి వెనక దడదడలాడే నొప్పి, చీకటి గదిలో పడుకోవలసిందే. స్కాన్‌లో సైనసులు శుభ్రంగా ఉన్నాయి, దూలం ఎడమకు వంగింది. ఆపరేషన్ చేయించుకోమన్నారు.

మొదట చేయవలసింది ఒక కాగితం మీద రోజూ మూడు అంకెలు రాయడం: దిబ్బడకు 10కి ఎంత, నొప్పికి 10కి ఎంత, ఎన్ని నొప్పి మాత్రలు. రెండు వారాలు గడిచేసరికి ఒక విషయం కనబడుతుంది. నుదుటి బరువు దిబ్బడతో పాటే పెరిగి తగ్గుతోంది. పెద్ద నొప్పులు మాత్రం దిబ్బడ అంకె తక్కువగా ఉన్న రోజుల్లో కూడా వస్తున్నాయి. నొప్పి మాత్రలు నెలకు ఏడెనిమిది రోజులే, కాబట్టి మందుల వల్ల వచ్చే నొప్పి కాదు. వైద్యుడి గదిలో చుక్కల పరీక్ష చేస్తే కుడివైపు పూర్తిగా తెరుచుకుంది, ఎడమవైపు కొంచెమే.

తర్వాత ఎనిమిది వారాలు రోజూ సాయంత్రం ఉప్పునీళ్లు, ఆపైన సరైన తీరులో స్టెరాయిడ్ స్ప్రే. నాలుగో వారానికి తుమ్ములు దాదాపు పోయాయి, నుదుటి బరువు వారానికి ఒకరోజుకు తగ్గింది. ఎనిమిదో వారానికి కుడివైపు హాయిగా ఉంది. ఎడమవైపు రాత్రిళ్లు ఇంకా మూసుకునే ఉంటోంది. నెలకు రెండు పెద్ద నొప్పులు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క తేలింది. నుదుటి బరువు అలర్జీది, దానికి స్ప్రే సరిపోయింది. పెద్ద నొప్పులు మైగ్రేన్‌వి, వాటికి వేరే మందు కావాలి. ఎడమవైపు మిగిలిన బిగువు దూలానిది. దాని కోసం ఆపరేషన్ కావాలా అన్నది ఆమె ఇష్టం. ఎడమ రంధ్రం నిద్ర చెడగొడుతోంటే చేయించుకోవడం సబబే, పెద్దగా బాధించకపోతే వదిలేసినా నష్టం లేదు. ఎనిమిది వారాల ముందే ఆపరేషన్ చేయించుకుని ఉంటే తుమ్ములూ మైగ్రేనూ అలాగే ఉండి, ‘ఆపరేషన్ ఫెయిలయింది’ అనుకునేది.

ఎవరికి ఏది

దురద, తుమ్ములు, వైపు మారే దిబ్బడ ఉన్నవారు స్ప్రేతో మొదలుపెట్టాలి. వీరికి స్కాన్ అక్కర్లేదు. పరుపు, దిండ్లకు పురుగు చొరబడని గలీబులు, పక్క బట్టలను 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకడం లాంటివి దుమ్ము పురుగు అలర్జీ ఉన్నవారికి కొంత తోడ్పడతాయి, కానీ మందుకు బదులు కావు.

తుమ్ములే లేకుండా చిన్నప్పటి నుంచో, ముక్కుకు దెబ్బ తగిలినప్పటి నుంచో ఒకే వైపు బిగుసుకున్నవారికి స్ప్రే పెద్దగా చేసేదేమీ ఉండదు. అయినా ఆరు నుంచి ఎనిమిది వారాలు సరిగా వాడి చూడడం మంచిది. పొర వాపు ఎంత ఉందో తేలుతుంది, ఒక్కోసారి అదే చాలు. చాలకపోతే సెప్టోప్లాస్టీ గురించి మాట్లాడవచ్చు.

తలనొప్పే ప్రధాన బాధ, ముక్కు ఫరవాలేదనేవారు ముక్కు వైద్యుడికంటే ముందు తలనొప్పి చూసే వైద్యుడి దగ్గరికి వెళ్లడమే మేలు. ఒట్టి తలనొప్పి కోసం దూలం సరిచేయించుకోవడాన్ని నేను చివరి మెట్టుగానే చూస్తాను.

ఈ పోలికలేవీ వర్తించని, వెంటనే వైద్యుడిని చూడవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. క్షణాల్లో తారస్థాయికి చేరే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం లేదా రెండుగా కనబడడం ఉంటే అదే రోజు వెళ్లాలి. కొత్తగా ఒకే వైపు దిబ్బడ పెరుగుతూ రక్తం కలిసిన చీమిడి వస్తుంటే, బుగ్గ తిమ్మిరెక్కుతుంటే, ముందుకు వంగినప్పుడు ఒకే రంధ్రం నుంచి తేట నీరు బొట్లు బొట్లుగా కారుతుంటే ఆలస్యం చేయకూడదు. 50 ఏళ్లు దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి, ముఖ్యంగా కణతలు ముట్టుకుంటే నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉంటే, అది రక్తనాళాల వాపు కావచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంది. చిన్న పిల్లల్లో ఒకే రంధ్రం నుంచి దుర్వాసనతో చీమిడి వస్తే ముక్కులో ఏదో ఇరుక్కుని ఉండవచ్చు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు వైద్యుడిని మూడు ప్రశ్నలు అడగండి. చుక్కలు వేశాక కూడా ఈ వైపు మూసుకునే ఉందా? ఆపరేషన్ తర్వాత నా అలర్జీ మందు కొనసాగించాలా? మీరు సరిచేస్తున్నది నా ఊపిరినా, తలనొప్పినా? మూడో ప్రశ్నకు ‘రెండూ’ అని జవాబు వస్తే, రెండోది తగ్గుతుందనడానికి నా విషయంలో ఆధారమేమిటో కూడా అడగండి.